ఆకుపచ్చ గుర్తు వెనుక ఉన్న పుట

మా ఖాలా కూతురు టోలీచౌకీలో ఉంటుంది. వివాహానికి ముందు, తరువాత కలిపి నాలుగేళ్లు మాదాపూర్‌లోని ఒక కంపెనీలో సర్వర్ల నిర్వహణ చూసింది. 2022 చివరలో కాన్పు కోసం ఉద్యోగం మానింది. బిడ్డ బడికి వెళ్లే వయసుకు వచ్చాక మళ్లీ ప్రయత్నాలు ప్రారంభించింది. ఒకనాటి రాత్రి ఫోన్ చేసి, "భాయ్‌జాన్, నలభై చోట్ల దరఖాస్తు పెట్టాను. ఒక్కరూ పిలవలేదు. మూడేళ్లు ఇంట్లో కూర్చున్నాననా? సర్టిఫికెట్లన్నీ ప్రొఫైల్‌లో పెట్టాను కదా!" అన్నది. గొంతులో కోపంకన్నా అలసట ఎక్కువగా వినిపించింది.

నేను గచ్చిబౌలిలోని ఒక సంస్థలో ఉద్యోగ నియామకాల విభాగంలో పనిచేస్తాను. ఆమె ప్రొఫైల్‌ను అన్నగా కాక, కార్యాలయంలో ఎవరి ప్రొఫైల్‌నైనా చూసినట్లే తెరచి చూశాను. రెండు నిమిషాలు గడవకముందే ఒక సంగతి అర్థమై సిగ్గు కలిగింది. ఇలాంటి ప్రొఫైల్ అపరిచితులదై ఉంటే నేను కూడా పక్కన పెట్టి ఉండేవాణ్ణి. గతంలో పెట్టి ఉంటాను కూడా.

ఆమెకు అర్హత లేక కాదు. అర్హతను చూపవలసిన మూడు లింకుల్లో ఒకటి పాతబడిపోయింది, మరొకటి తెరుచుకోలేదు, మూడవది తెరుచుకున్నా తప్పు విషయం చెప్పింది. ఈ సంగతి మన ఇళ్లలో చదువుకున్న ఎందరో బిడ్డలకు ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఆ రాత్రి మేమిద్దరం సరిచేసిన పనిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు అవతలివైపు ఏం జరుగుతుందో తెలియాలి. ఒక ఖాళీని ప్రకటిస్తే రెండు మూడు రోజుల్లోనే కొన్ని వందల దరఖాస్తులు చేరతాయి. తొలి వడపోతలో ఒక్కొక్కరికి మేము కేటాయించగలిగేది ఒకటి రెండు నిమిషాలు మాత్రమే. సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998 నాటి రోజుల్లో అభ్యర్థులు ప్లాస్టిక్ ఫైలులో జిరాక్సు కాగితాలు పెట్టుకుని వచ్చేవారని మా పెద్దలు చెబుతారు. ఆ కాగితం నిజమైనదో కాదో తెలుసుకోవాలంటే ఉత్తరం రాసి వారాల తరబడి ఎదురుచూడాలి. ఇప్పుడు లింక్డ్‌ఇన్ ప్రొఫైల్‌లో సర్టిఫికెట్ పేరు కింద `Show credential` అనే మీట కనిపిస్తుంది. దాన్ని నొక్కితే, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థ పుటే నేరుగా తెరుచుకోవాలి. అందులో పేరు, తేదీ, గడువు ఉంటాయి. పది సెకన్లలో పని తేలిపోతుంది. తెరుచుకోకపోతే? మేము అభ్యర్థికి ఫోన్ చేసి "లింకు పనిచేయడం లేదు" అని చెప్పము. తరువాతి ప్రొఫైల్‌కు వెళ్తాము. న్యాయం కాదు, కానీ జరిగేది అదే.

చాలామంది బ్యాడ్జి అంటే గుండ్రటి రంగుల బొమ్మ అనుకుంటారు. ఆ బొమ్మకు విలువ లేదు. దాన్ని ఎవరైనా కాపీ చేసి తమ ప్రొఫైల్‌లో అతికించుకోవచ్చు. 2011లో మొజిల్లా సంస్థ ఓపెన్ బ్యాడ్జెస్ అనే పద్ధతికి శ్రీకారం చుట్టినప్పుడు దాని మూల ఆలోచన వేరు. బొమ్మతో పాటు కొంత సమాచారం కట్టి ఉండాలి: ఎవరు ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, ఏ పరీక్ష లేక పని చేసినందుకు ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది. గ్రహీతను సాధారణంగా ఈమెయిల్ చిరునామా ద్వారా గుర్తిస్తారు. చూసేవారు ఆ సమాచారాన్ని ఇచ్చిన సంస్థ దగ్గరే సరిపోల్చుకోవచ్చు. అంటే సాక్ష్యం అభ్యర్థి చేతిలో ఉండదు, ఇచ్చినవారి దగ్గర ఉంటుంది. ఆ పద్ధతి నిర్వహణ 2017లో మరొక ప్రమాణాల సంస్థకు మారింది. ఈ రోజు ఐటీ సర్టిఫికెట్ల బ్యాడ్జిలు ఎక్కువగా కనిపించే క్రెడ్లీ వంటి వేదికలు ఈ ఆలోచనపైనే నడుస్తున్నాయి.

ఇక మా చెల్లి ప్రొఫైల్‌కు వద్దాం.

ఆమె 2022 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ వారి AZ-104 పరీక్ష ఉత్తీర్ణురాలై అజ్యూర్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికెట్ పొందింది. ఈ స్థాయి మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్లు ఒక్క ఏడాదే చెల్లుతాయి. అయితే గడువుకు ఆరు నెలల ముందు నుంచి, ఇంట్లోనే కూర్చుని, రుసుము లేకుండా, ఆన్‌లైన్‌లో ఒక చిన్న మదింపు పూర్తిచేస్తే మరొక ఏడాది పొడిగిస్తారు. గడువు ఒక్కరోజు దాటినా పూర్తి పరీక్ష మళ్లీ డబ్బు కట్టి రాయవలసిందే. బిడ్డను నిద్రపుచ్చి, రాత్రి పదకొండు గంటలకు కూర్చుని, ఆమె ప్రతి ఏటా ఆ మదింపు పూర్తిచేసింది. సర్టిఫికెట్ ఇప్పటికీ సజీవంగా ఉన్నది. కానీ ప్రొఫైల్‌లోని లింకు నొక్కితే 2023 సెప్టెంబరులో గడువు ముగిసినట్లు కనిపించింది!

కారణం ఇది. 2022లో మైక్రోసాఫ్ట్ తన బ్యాడ్జిలను క్రెడ్లీ ద్వారా ఇచ్చేది. 2023 మధ్యలో ఆ ఏర్పాటును ఆపి, సర్టిఫికెట్లను తన సొంత మైక్రోసాఫ్ట్ లెర్న్ ప్రొఫైల్‌లోకి తెచ్చుకుంది. పాత క్రెడ్లీ పుట అలాగే మిగిలింది, కానీ ఆ తరువాత చేసిన పొడిగింపులు అందులోకి చేరలేదు. మూడేళ్లు ఖాళీగా ఉన్న మనిషి, పైగా గడువు తీరిన సర్టిఫికెట్! చూసేవారికి అలాగే అర్థమవుతుంది. మూడు రాత్రుల శ్రమను ఒక్క పాత లింకు మింగేసింది.

సరిచేయడం పెద్ద పని కాలేదు. `learn.microsoft.com` లో తన ఖాతాలోకి వెళ్లి, ప్రొఫైల్‌లోని `Credentials` విభాగంలో ఆ సర్టిఫికెట్‌ను తెరచి, పంచుకునే లింకును తీసుకుంది. లింక్డ్‌ఇన్‌లో ఆ సర్టిఫికెట్ పక్కన ఉన్న పెన్సిల్ గుర్తు నొక్కి, `Credential URL` అనే గడిలో పాత చిరునామా తీసివేసి ఇది పెట్టింది. `Expiration date` గడిలో కొత్త తేదీ వేసింది. నేను నా ఫోన్‌లో తెరచి చూశాను. ఆమె పేరు, సర్టిఫికెట్ పేరు, కొత్త గడువు అన్నీ కనిపించాయి.

ఇక్కడ ఒక మాట. కొందరు గడువు తీరిన సర్టిఫికెట్‌కు లింక్డ్‌ఇన్‌లో గడువు తేదీ గడిని ఖాళీగా వదిలేస్తారు. లింకు నొక్కితే అసలు తేదీ బయటపడుతుంది. గడువు తీరడం తప్పు కాదు, దాచడమే అనుమానానికి దారి తీస్తుంది. తేదీ ఉన్నది ఉన్నట్లు వేసినవారిని, "ఫలానా ఏడాది దాకా చెల్లింది" అని మేము మామూలుగానే చదువుకుంటాము.

రెండవ లింకు అమెజాన్ వారి క్లౌడ్ ప్రాక్టీషనర్ సర్టిఫికెట్‌ది. నిరుడు రాసింది, మూడేళ్లు చెల్లుతుంది. ఇది క్రెడ్లీలోనే ఉన్నది. ఆమె ఫోన్‌లో చక్కగా తెరుచుకుంటున్నది. నా ఫోన్‌లో నొక్కితే ఈమెయిల్, పాస్‌వర్డ్ అడిగింది. ఆమె తన ఖాతాలోకి లాగిన్ అయి ఉండగా, పైన చిరునామా పట్టీలో కనిపించినదాన్ని అలాగే కాపీ చేసి పెట్టింది. అది ఆమె సొంత నిర్వహణ పుట, ఇతరులకు కనిపించేది కాదు. ఈ రెండు చిరునామాల రూపం చూస్తే తేడా తెలుస్తుంది:

```
https://www.credly.com/earner/earned/badge/...
https://www.credly.com/badges/.../public_url
```

మొదటిది లోపలి గది, రెండవది వీధి అరుగు. బ్యాడ్జి పుటలో `Share` మీట నొక్కి తీసుకున్న లింకు రెండవ రకానిది. అక్కడి నుంచే లింక్డ్‌ఇన్‌కు చేర్చే ఏర్పాటు కూడా ఉన్నది. దాన్ని వాడితే పేరు, సంస్థ, తేదీలు వాటంతట అవే నిండుతాయి. బ్యాడ్జిని స్వీకరించాక అది అందరికీ కనిపించేలా ఉన్నదో, లేక గోప్యంగా పెట్టి ఉన్నదో కూడా అక్కడే చూసుకోవాలి.

దీన్ని పరీక్షించే ఉపాయం ఒక్కటే. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో కిటికీ తెరచి, అందులో లింకు అతికించి చూడాలి. అక్కడ మీరు ఎవరో దానికి తెలియదు. కాబట్టి అపరిచితునికి ఏం కనిపిస్తుందో అదే మీకూ కనిపిస్తుంది. లేదా ఇంట్లో మరొకరి ఫోన్‌కు పంపి, నొక్కమనండి. మా చెల్లి ఈ పని ఒక్కసారి చేసి ఉంటే నలభై దరఖాస్తుల్లో కొన్నయినా ముందుకు కదిలేవేమో.

మూడవది మరీ చిత్రం. ఆమె ప్రొఫైల్‌లో అన్నింటికన్నా పైన ఉన్నది అమెజాన్ వారి ఉచిత పాఠం పూర్తిచేసినందుకు వచ్చిన బ్యాడ్జి. అదీ క్రెడ్లీలోనే ఉన్నది. ఇచ్చినవారి పేరూ అదే, బొమ్మ కూడా దాదాపు అలాంటిదే. కానీ రెండింటి బరువు ఒకటి కాదు. క్లౌడ్ ప్రాక్టీషనర్ సర్టిఫికెట్‌కు పర్యవేక్షణలో, గుర్తింపు కార్డు చూపించి, తొంభై నిమిషాల్లో 65 ప్రశ్నలకు జవాబులు రాయాలి. వెయ్యికి 700 వస్తేనే ఉత్తీర్ణత. ఉచిత పాఠానికి అటువంటి పర్యవేక్షణ ఏదీ లేదు. బ్యాడ్జి పుటలో కిందికి వెళితే దాన్ని ఎలా సంపాదించాలో రాసి ఉంటుంది. అనుభవమున్న రిక్రూటర్ మొదట చదివేది అదే. పరీక్ష అని ఉంటే ఒక అంచనా, పాఠం పూర్తి అని ఉంటే మరొక అంచనా. ఉచిత పాఠాలు చేయడం మంచిదే. కానీ పదిహేను అలాంటి బ్యాడ్జిలను పేర్చి, వాటి కింద ఒక్క నిజమైన పరీక్షను దాచేవారు తమకు తామే అన్యాయం చేసుకుంటున్నారు. మేము వాటి వరుస మార్చి, పరీక్షలు రెండింటినీ పైకి తెచ్చాము.

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నవారు అక్కడి సంస్థలు ఇచ్చే సర్టిఫికెట్‌ను స్కాన్ చేసి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, ఆ లింకును `Credential URL` లో పెట్టడం నేను తరచుగా చూస్తాను. మైత్రీవనం చుట్టూ ఉన్న ఆ గదుల్లో నిజంగా పని నేర్చుకున్నవారు వేలమంది ఉన్నారు, నా సహోద్యోగుల్లోనే పలువురు ఉన్నారు. కానీ అభ్యర్థి సొంత డ్రైవ్‌లో ఉన్న బొమ్మ అభ్యర్థి మాటే అవుతుంది, మూడవ వ్యక్తి సాక్ష్యం కాదు. ఆ శిక్షణను సర్టిఫికెట్ల విభాగంలో కాక చదువు వివరాల్లో రాసి, నేర్చుకున్నదానికి తగిన పరీక్ష ఒకటి రాయడం మేలు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. లింక్డ్‌ఇన్‌లో సర్టిఫికెట్ల విభాగాన్ని ఎవరికి వారే నింపుకుంటారు. సంస్థ పేరు జాబితాలో నుంచి ఎంచుకుంటే పక్కన దాని చిహ్నం కూడా వచ్చి కూర్చుంటుంది. ఆ చిహ్నాన్ని చూసి మోసపోయిన కొత్త రిక్రూటర్లు ఉన్నారు. అందుకే మేము చిహ్నాన్ని కాక, లింకు నొక్కాక పైన పట్టీలో కనిపించే చిరునామాను చదువుతాము. అసలు పేరులో ఒక అక్షరం మార్చిన నకిలీ పుటలు తయారు చేయడం కష్టమేమీ కాదు. అనుమానం వస్తే అభ్యర్థి ఇచ్చిన లింకును వదిలి, సంస్థ సొంత నిర్ధారణ పుటకు మేమే వెళ్లి, సర్టిఫికెట్ సంఖ్యను అక్కడ వేసి చూస్తాము. అభ్యర్థి `Credential ID` గడిని ఖాళీగా వదలకూడదనేది ఇందుకే.

అన్నింటికన్నా ఎక్కువ సమయం తీసుకున్నది పేరు. మన ఇళ్లలో ఇది ప్రత్యేకమైన చిక్కు. పదవ తరగతి మెమోలో ఇంటిపేరు స్థానంలో "ఎస్.కె." అని రెండు అక్షరాలు. ఆధార్‌లో "షేక్". పాన్ కార్డులో చివర "బేగం". మగపిల్లల విషయంలో మహమ్మద్ అనే పేరే ఇంగ్లీషులో నాలుగైదు విధాలుగా, కొన్నిచోట్ల రెండక్షరాలకు కుదించి కనిపిస్తుంది. ఇంట్లో మనకు ఇవన్నీ ఒకటే. సరిపోల్చే యంత్రానికీ, మా చెల్లి ముఖం ఎన్నడూ చూడని రిక్రూటర్‌కూ అవి వేర్వేరు మనుషుల పేర్లు.

ఆమె ప్రొఫైల్‌లో ముద్దుపేరుతో పాటు భర్త పేరు చేర్చుకుంది. బ్యాడ్జి పుటలో "ఎస్.కె." తో మొదలై, ఆమె పేరుతో ముగిసింది. చూసేవారు "ఈ బ్యాడ్జి ఈమెదేనా?" అని ఆగిపోవడంలో వింత లేదు. ప్రొఫైల్‌లో పేరు మార్చుకోవడం మన చేతిలో పని. బ్యాడ్జిపై పేరు మాత్రం పరీక్షకు నమోదు చేసుకున్నప్పుడు ఇచ్చినదాన్ని బట్టి వస్తుంది. దాన్ని మార్చాలంటే గుర్తింపు పత్రం జతచేసి పరీక్ష నిర్వహించే సంస్థ సహాయ విభాగానికి రాయాలి. కొన్ని రోజులు పడుతుంది. కాబట్టి ఇప్పుడే పరీక్షలకు నమోదు చేసుకుంటున్న పిల్లలు, కేంద్రంలో చూపించబోయే గుర్తింపు కార్డులో ఉన్న పేరునే అక్షరం తేడా లేకుండా ఇవ్వాలి. తేడా ఉంటే పరీక్ష కేంద్రం గుమ్మం దగ్గరే వెనక్కి పంపిన సందర్భాలు ఉన్నాయి, కట్టిన రుసుమూ పోతుంది.

"పెళ్లి తరువాత పేరు మార్చుకున్నాను కదా, ఇప్పుడు ఏది వాడాలి?" అని అడిగింది. ఆధార్‌లో ఏది ఉన్నదో అదే వాడమన్నాను. ఆధార్‌లో ఇంకా మార్చలేదని తేలింది. ప్రొఫైల్‌లో "షేక్" తో మొదలయ్యే పేరు పెట్టి, రెండు సంస్థలకూ బ్యాడ్జిపై పేరు సరిచేయమని ఆ రాత్రే రాసింది. చిన్నవాడు మధ్యలో లేచి ఏడవడంతో ఉత్తరం సగం నేను పూర్తిచేశాను.

ఈమెయిల్ గురించి కూడా ఇక్కడే చెప్పడం మంచిది. నా సహోద్యోగి ఒకరు పాత కంపెనీ ఇచ్చిన ఈమెయిల్‌తో పరీక్షలన్నీ రాశారు. రాజీనామా చేసిన మరునాడు ఆ పెట్టె మూతపడింది, దానితో పాటు ఖాతా తాళంచెవీ పోయింది. సర్టిఫికెట్లు తనవేనని నిరూపించుకోవడానికి వారాలు పట్టింది. క్రెడ్లీ ఖాతాకు ఒకటికన్నా ఎక్కువ ఈమెయిళ్లు జతచేసుకోవచ్చు. ఉద్యోగం మారకముందే సొంత చిరునామా చేర్చుకుంటే ఈ బాధ ఉండదు.

బ్యాడ్జి చెప్పలేనివి కూడా ఉన్నాయి. అది తొలి వడపోతను దాటిస్తుంది, అంతే. పట్టానూ, పూర్వ ఉద్యోగాన్నీ అది నిర్ధారించదు. నియామకం ఖాయమయ్యాక కంపెనీ వాటిని వేరే ఏజెన్సీకి అప్పగించి విచారిస్తుంది. నకిలీ పట్టాల ముఠాలు నగరంలో పదే పదే పట్టుబడిన తరువాత, తెలంగాణ ఉన్నత విద్యామండలి 2022 నవంబరులో విద్యార్థుల పట్టాలను ఆన్‌లైన్‌లో సరిచూసుకునే సేవను పోలీసుల సహకారంతో ప్రారంభించింది. డిజిలాకర్‌లో విశ్వవిద్యాలయం స్వయంగా జారీచేసిన పట్టా ఉంటే, 2016 నాటి నియమాల ప్రకారం అది అసలు పత్రంతో సమానం. మనం స్కాన్ చేసి అందులో ఎక్కించుకున్నదానికి ఆ హోదా లేదు. ఈ తేడా చాలామందికి తెలియదు. అక్కడ కూడా ఆధార్ పేరుకూ మెమో పేరుకూ పొంతన లేకపోతే పత్రం రాకుండా ఆగిపోవచ్చు. ఐటీ రంగానికి ప్రత్యేకంగా నాస్కామ్ 2006లో నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీని ఏర్పాటు చేసింది. అందులో వేలిముద్రలతో నమోదైన ఉద్యోగికి ఒక శాశ్వత సంఖ్య ఇస్తారు. కొన్ని పెద్ద కంపెనీలు దాన్ని అడుగుతాయి.

ఇక, ముఖం చూపించే ఫోటోను ప్రొఫైల్‌లో పెట్టడం ఇష్టంలేని సోదరీమణులు ఉన్నారు. మా చెల్లికీ ఆ సంకోచం ఉన్నది. బ్యాడ్జి పుటలో ఆమె పేరు, సర్టిఫికెట్ వివరాలు చాలు. ఫోటో గానీ, ఫోన్ నంబరు గానీ, పుట్టిన తేదీ గానీ నిర్ధారణకు అక్కరలేదు. స్కాన్ చేసిన మార్కుల మెమోను బహిరంగంగా పెట్టడంకన్నా ఇదే సురక్షితం. ఆ మెమోలో తండ్రి పేరు, హాల్‌టికెట్ సంఖ్య, పుట్టిన తేదీ కూడా ఉంటాయి కనుక, ఆమె డ్రైవ్‌లో అందరికీ తెరచి ఉంచిన మెమోలను ఆ రాత్రే మూసివేయించాను.

అమెజాన్ బ్యాడ్జిపై పేరు వారం రోజుల్లో సరయింది. మైక్రోసాఫ్ట్‌ది మరికొంత ఆలస్యమైంది. ఆ నెలలో ఆమె మరో పదకొండు చోట్ల దరఖాస్తు చేస్తే ముగ్గురు ఫోన్ చేశారు. అందులో ఒకరు నానక్‌రామ్‌గూడలోని కార్యాలయానికి పిలిచారు. ఉద్యోగం ఇస్తున్నట్లు ఉత్తరం వచ్చాక విచారణ నివేదికలో పసుపు రంగు గుర్తు పడింది. పదవ తరగతి మెమోలో "ఎస్.కె.", ఆధార్‌లో "షేక్"! రెండు పేర్లూ ఒక్కరివేనని నోటరీ చేయించిన ప్రమాణపత్రం ఇచ్చాక అది ఆకుపచ్చగా మారింది.

ఇప్పుడు ఆమె వంటింటి గోడ మీద క్యాలెండర్‌లో మార్చి నెల మొదటి వారం చుట్టూ ఎర్రటి గీత ఉన్నది. సెప్టెంబరులో ముగిసే గడువుకు పొడిగింపు మదింపు అప్పుడే తెరుచుకుంటుంది.